సంధ్య ఎంచుకున్న ఉద్యోగం

(ఈ కుటుంబం కల్పితం. ఇందులో చెప్పిన కట్టుబాట్లు మాత్రం నల్లగొండ జిల్లా ఊళ్లలో రోజూ కనిపించేవే.)

సంధ్యది మిర్యాలగూడ దగ్గర, సాగర్ ఎడమ కాలువ కింద ఉన్న ఊరు. పదో తరగతి అయ్యాక పాలిసెట్ రాసి సివిల్ డిప్లొమా చేసింది. ఆ తర్వాత ఈసెట్ ద్వారా నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరింది. చిన్నప్పుడు తూము షట్టర్ తిప్పే లస్కర్ పక్కన నిలబడి, "ఇది తిప్పితే నీళ్లు యాడిదాకా పోతయి?" అని విసిగించేదట. చదువుకు ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది. బీటెక్ పిల్లంటే మంచి సంబంధాలు వస్తాయన్న ఆశ కూడా ఉంది.

చదువు అయిపోతుండగా హైదరాబాద్–విజయవాడ రహదారి మీద వంతెన కడుతున్న ఒక కాంట్రాక్టు కంపెనీలో సైట్ ఇంజనీర్ ఉద్యోగం వచ్చింది. జీతం నెలకు 22 వేలు. చౌటుప్పల్‌లో గది తీసుకుని ఉండాలి. కాంక్రీటు పోసే రోజున తెల్లవారేదాకా సైట్ మీదే ఉండాల్సి రావచ్చు.

ఆ ఆదివారం మేనత్త వచ్చింది. సంధ్య ప్రింటు తీయించుకున్న ఉద్యోగం కాగితం టీవీ పక్కన రేషన్ కార్డు కవర్లో ఉంది. అత్త దాన్ని ముట్టుకోలేదు.

"పంపు తమ్మీ, నేనొద్దంటనా? రేపు సూర్యాపేటోళ్లు పిల్లను చూడనీకి వచ్చి, యాడ ఉంటది, రాత్రి ఎన్నింటికి వస్తది అంటే నేనేం చెప్పాలె?"

నాయిన జవాబు చెప్పలేదు. టీవీ సౌండ్ తగ్గించి మళ్లీ పెంచాడు.

గమనించాల్సింది ఇక్కడే. "వద్దు" అనే మాట ఎవరి నోటా రాలేదు. కొట్టలేదు, తిట్టలేదు, కాగితం చింపలేదు. అడగబోయే నలుగురు ఆ గదిలో లేకపోయినా, వాళ్లు అడగబోయే ప్రశ్న చాలింది. అనధికారిక ఆంక్ష పనిచేసే తీరు ఇదే. శిక్ష పడనక్కర్లేదు, పడుతుందన్న టెన్షన్ ఉంటే చాలు.

ఆడపిల్ల బయట పని చేయకూడదన్నదే కట్టుబాటు అనుకుంటే పొరపాటు. సంధ్య అమ్మ ఇరవై ఏళ్లుగా కైకిలికి పోతోంది. నాట్ల సీజన్లో చీకటితోనే లేచి, ట్రాలీ ఆటోలో పది మందితో ఇరుక్కుని పక్క మండలానికి వెళ్లి, పొద్దంతా బురదలో వంగి నాట్లేసి వస్తుంది. ఆ ఎండ, ఆ మగ మేస్త్రీలు, ఆ ప్రయాణం ఊళ్లో ఎవరికీ తప్పుగా తోచలేదు. అమ్మ చేస్తే అది బతుకుదెరువు. చదువుకున్న కూతురు అదే ఎండలో హెల్మెట్ పెట్టుకుని నిలబడితే ఇంటి పరువు సమస్య. సామాజికవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ సంస్కృతీకరణ గురించి, అంటే కింది కులాలు పై కులాల ఆచారాలను అనుసరించడం గురించి రాస్తూ, హోదా పెంచుకోవాలనుకునే కులాల్లో స్త్రీలపై ఆంక్షలు ఎక్కువ కావడాన్ని గుర్తించారు. సంధ్య ఇంట్లో జరుగుతున్నది దానికి చాలా దగ్గరగా ఉంది. కుటుంబం ఒక మెట్టు ఎక్కుతోంది, ఆ ఎక్కడానికి ఖరీదు కూతురు కడుతోంది.

ఇక తమ్ముడు. డిగ్రీ మధ్యలో మానేసి ఉప్పల్‌లో దోస్తులతో గదిలో ఉంటున్నాడు, ఫుడ్ డెలివరీ చేస్తున్నాడు. రాత్రి ఒంటిగంటకు గదికి చేరినా ఎవరూ లెక్క అడగరు. ఇద్దరూ ఒకే ఇంట్లో పెరిగారు. ఎవరి రాత్రికి లెక్క చెప్పాలో ఆ ఇల్లే నేర్పింది. జెండర్ సామాజీకరణ అని పాఠంలో చదువుకునేది దీన్నే.

చేరాల్సిన తేదీకి రెండు రోజుల ముందు సంధ్యే అంది: "నాకే ఇష్టం లేదమ్మా. ఎండల కష్టం." తర్వాత ఎడ్‌సెట్ రాసి బీఈడీ చేసింది. ఇప్పుడు ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతోంది. జీతం 9 వేలు, నాలుగున్నరకు ఇంట్లో ఉంటుంది. సర్వే చేసి ఎవరైనా అడిగితే "టీచింగ్ నా ఛాయిస్" అనే రాస్తుంది, అబద్ధమాడుతున్నానని కూడా అనుకోదు. ఫ్రెంచ్ సామాజికవేత్త డర్క్‌హైమ్ చెప్పిన సామాజిక వాస్తవం బయటి నుంచి వచ్చే ఒత్తిడే. అలవాటైపోయాక అది మన ఇష్టంలాగే అనిపిస్తుంది. "సొంత నిర్ణయం" అన్న ఒక్క జవాబుతో మహిళల ఉద్యోగ ఎంపికను కొలవలేమని నేను గట్టిగా అనేది అందుకే.

కట్టుబాటు ఎక్కడ వంగుతుందో కూడా ఈ ఇంట్లోనే తెలుస్తుంది. సంధ్య రాత్రిళ్లు టీజీపీఎస్సీ ఏఈఈ, అంటే ప్రభుత్వ ఇంజనీర్ ఉద్యోగ పరీక్షకు చదువుతోంది. ఆ ఉద్యోగంలోనూ కాలువ గట్లు, ఎండ, మగ కూలీలు, వేళకాని వేళలో ఫోన్లు ఉంటాయి. అయినా ఈసారి పుస్తకాలు కొనిచ్చింది మేనత్తే.

"సర్కారు నౌకరి అయితే ఎవరేమంటరు బిడ్డా?" అంటున్నాడు నాయిన. "యాడ వేసినా నేనే బండి మీద దింపి వస్త."