తాతయ్య రిమోట్

నీటికాసుల వల్ల మా తాతయ్యకి చూపు పోయి ఆరేళ్లయింది. విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంట్లో టీవీలో మేం ఏది పెడితే ఆయన అదే వినేవారు, హరికథ కావాలని ఒక్కసారీ నోరు తెరిచి అడగలేదు, "ఏదో ఒకటి పెట్టమ్మా" అనేవారు, ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మొన్న కొత్త టీవీ కొన్నాం. రిమోట్ మీద మైకు బటన్ చేతికి తెలిసేలా ఒక బొట్టుబిళ్ల అంటించి, ఆయన బొటనవేలు దాని మీద పెట్టాను.

"ఇది నొక్కి పట్టుకుని మీకేం కావాలో చెప్పండి తాతయ్యా."

"అమ్మా, కాస్త హరికథ..." అంటూ మధ్యలోనే బటన్ వదిలేశారు. ఏమీ రాలేదు. రెండోసారి గొంతు సవరించుకుని, "హరికథ, రుక్మిణీ కల్యాణం" అన్నారు. చిడతల చప్పుడు మొదలైంది, మోకాలి మీద ఆయన వేళ్లు తాళం వేస్తున్నాయి.

కాసేపటికి అన్నమయ్య కీర్తనలు, తర్వాత భాగవత ప్రవచనం. నచ్చక మార్చలేదు, మార్చగలిగారు కాబట్టి మార్చారు.

తెల్లవారుజామున నాలుగున్నరకి హాల్లోంచి ఆయన గొంతు వినపడింది. "సుప్రభాతం."

టీవీ పెట్టడానికి అమ్మ అలవాటుగా లేవబోయింది. చెయ్యి పట్టుకుని ఆపాను.