2026 బ్యాచ్ ఫ్రెషర్లకు క్యాంపస్ నియామకాలు: ట్రైనీ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్, ట్రైనీ సపోర్ట్ ఇంజినీర్ (విజయవాడ)

విజయవాడ, గుంటూరు పరిసరాల ఇంజినీరింగ్, డిగ్రీ కాలేజీల చివరి సంవత్సరం విద్యార్థులకు, ప్లేస్‌మెంట్ ఆఫీసర్లకు.

కోల్డ్ స్టోరేజీలు, రైస్ మిల్లులు, లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులు వాడే బిల్లింగ్, స్టాక్ సాఫ్ట్‌వేర్ మేం తయారుచేస్తాం. ఆఫీసు విజయవాడ ఆటోనగర్‌లో ఉంది. గుంటూరు మిర్చి యార్డు చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీల్లో ఎన్ని టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, లోపలికి వచ్చాయి, ఎన్ని బయటికి వెళ్లాయి, ఎవరి అద్దె ఎంత బాకీ ఉంది అన్న లెక్కలు మా ప్రోగ్రాముల్లోనే నడుస్తాయి. చిన్న కంపెనీ కాబట్టి మీరు రాసిన కోడ్ వాడేవాళ్లతో మీరే ఫోన్‌లో మాట్లాడాల్సి వస్తుంది. అది ఇష్టం లేనివాళ్లకు ఈ ఉద్యోగం సరిపడదు.

మొత్తం 14 ఖాళీలు. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు 10 మంది, సపోర్ట్ ఇంజినీర్లు 4 మంది. రెండింటికీ జీతం ఒకటే. సపోర్ట్ అంటే తక్కువ పని అనుకోవద్దు. ఫిబ్రవరి నుంచి మే దాకా మిర్చి సీజన్లో అసలు ఒత్తిడి వాళ్లమీదే.

ఎవరు అర్హులు

2026లో చదువు పూర్తిచేసే బీటెక్ (సీఎస్‌ఈ, ఐటీ, ఈసీఈ, ఈఈఈ), ఎంసీఏ, బీసీఏ, బీఎస్సీ కంప్యూటర్స్ విద్యార్థులు. డిప్లొమా చేసి లేటరల్ ఎంట్రీలో బీటెక్‌కి వచ్చినవాళ్లూ అర్హులే. ప్రస్తుత కోర్సులో ఇప్పటిదాకా సగటున 60 శాతం లేదా 6.5 సీజీపీఏ ఉండాలి. పదో తరగతి, ఇంటర్ మార్కులకు కటాఫ్ పెట్టలేదు. ఇంటర్లో తడబడి బీటెక్‌లో నిలదొక్కుకున్నవాళ్లు మా దగ్గర బాగానే పనిచేస్తున్నారు.

దరఖాస్తు చేసేనాటికి ఒక్క బ్యాక్‌లాగ్ ఉన్నా ఫర్వాలేదు, రెండు ఉంటే మాత్రం కుదరదు. ఆ ఒక్కటీ చేరే రోజుకు క్లియర్ అయి ఉండాలి. సప్లిమెంటరీ ఫలితాలు ఆలస్యమైతే సెప్టెంబరు 30 వరకు ఆగుతాం, ఆ తర్వాత ఆఫర్ రద్దవుతుంది. చదువులో గ్యాప్ రెండేళ్లకు మించకూడదు. తెలుగు మాట్లాడటం, చదవడం రెండూ వచ్చి ఉండాలి. మా కస్టమర్లలో గుమస్తాలు, సూపర్‌వైజర్లే ఎక్కువ. ఇంగ్లిష్‌లో టెక్నికల్ డాక్యుమెంట్ చదివి అర్థం చేసుకోగలిగితే చాలు, గడగడా మాట్లాడక్కర్లేదు.

ఎంపిక ఎలా జరుగుతుంది

మొదటిది రాతపరీక్ష. జనవరి 19 నుంచి 24 వరకు మేమే మీ కాలేజీకి వచ్చి కంప్యూటర్ ల్యాబ్‌లో పెడతాం. సమయం 90 నిమిషాలు. ఆప్టిట్యూడ్ 25 ప్రశ్నలు, ప్రోగ్రామింగ్ బేసిక్స్ 15, కోడింగ్ లెక్కలు రెండు. నెగెటివ్ మార్కులు లేవు. కోడింగ్‌కి సీ, జావా, పైథాన్‌లలో ఏదైనా వాడుకోవచ్చు.

లెక్క ఎలా ఉంటుందో ముందే చెబుతున్నాం. ఒక రైతు కోల్డ్ స్టోరేజీలో 120 టిక్కీలు పెట్టాడు. ఒకసారి 45, ఇంకోసారి 60 తీసుకెళ్లాడు. మూడోసారి వచ్చి 20 కావాలన్నాడు. మీ ప్రోగ్రాం మైనస్ 5 చూపిస్తే మార్కులు రావు. ‘15 మాత్రమే ఉన్నాయి’ అని చెప్పి ఆ గేట్ పాస్ ఆపేయాలి. అంకె బదులు ఎవరైనా పేరు టైప్ చేస్తే ఏం జరుగుతుందో కూడా ఆలోచించి రాయండి. సగం మంది అక్కడే దొరికిపోతారు.

రెండోది టెక్నికల్ ఇంటర్వ్యూ, జనవరి 30, 31 తేదీల్లో మా ఆఫీసులో. రాతపరీక్షలో మీరు రాసిన కోడ్ మీ ముందే తెరిచి, చిన్న మార్పు ఒకటి చేయమంటాం. తర్వాత మీ కాలేజీ ప్రాజెక్టు గురించి అడుగుతాం. కొనుక్కొచ్చిన ప్రాజెక్టు అయితే రెండు ప్రశ్నల్లోనే బయటపడుతుంది, కాబట్టి దాన్ని రెజ్యూమెలో పెట్టకపోవడమే మేలు. సొంతంగా చేసింది ఎంత చిన్నదైనా ధైర్యంగా చెప్పండి.

మూడోది అదే రోజు మధ్యాహ్నం, పదిహేను నిమిషాల ఫోన్ సంభాషణ. మా సపోర్ట్ మేనేజర్ పక్క గదిలోంచి కోల్డ్ స్టోరేజీ గుమస్తాలా ఫోన్ చేసి, ‘స్టాకు తేడా వస్తోందండీ, బయట లారీ ఆగి ఉంది’ అంటారు. సమాధానం మీకు తెలియక్కర్లేదు. కంగారు పడకుండా ఏమేం అడిగి తెలుసుకుంటారో చూస్తాం. ఆపైన హెచ్‌ఆర్‌తో మాట, సర్టిఫికెట్ల పరిశీలన. రౌండ్ పోయినవాళ్లకు ఆ సాయంత్రమే చెప్పేస్తాం. తుది జాబితా ఫిబ్రవరి 6న మీ ప్లేస్‌మెంట్ ఆఫీసుకు వస్తుంది.

ఇంటర్వ్యూకి వచ్చినవాళ్లకు మధ్యాహ్న భోజనం మాదే. బస్సు చార్జీలు ఇవ్వలేం.

శిక్షణ

2026 జులై 6న మొదలై 12 వారాలు. సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఉదయం 9.30 నుంచి సాయంత్రం 6 వరకు ఆఫీసులోనే. ఆన్‌లైన్ లేదు.

మొదటి నాలుగు వారాలు పైథాన్, ఎస్‌క్యూఎల్, గిట్. ఈసీఈ, ఈఈఈ వాళ్లకు మొదట కాస్త బరువుగా అనిపించవచ్చు. వాళ్ల కోసం సాయంత్రాలు అదనంగా ఒక గంట కూర్చుంటాం. ఐదో వారం పూర్తిగా లెక్కలే: డెబిట్, క్రెడిట్, జీఎస్‌టీ బిల్లు, కాటా చీటీ, లాట్ నంబరు, గేట్ పాస్. ఆరో వారం గుంటూరులో మా కస్టమర్ కోల్డ్ స్టోరేజీలో కూర్చుని, గుమస్తా పక్కనే ఎంట్రీలు చూడాలి. కంప్యూటర్ ముందు కూర్చున్నాయన ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, ఇంకో చేత్తో టైప్ చేస్తూ, హమాలీలకు కేకలేస్తుంటాడు. స్క్రీన్‌మీద బటన్ ఎంత పెద్దగా ఉండాలో అక్కడ తెలిసినంతగా క్లాసులో తెలియదు. ఈ వారం రాకపోకల చార్జీలు మేం ఇస్తాం. మిగతా ఆరు వారాలు సీనియర్ పక్కన అసలు పనిమీదే ఉంటారు.

నాలుగో వారం, పన్నెండో వారం చివర పరీక్ష ఉంటుంది. తప్పితే మూడు వారాల్లో ఇంకో అవకాశం ఇస్తాం. రెండోసారీ కాకపోతే అప్పటిదాకా నేర్చుకున్నదానికి సర్టిఫికెట్ ఇచ్చి పంపిస్తాం.

జీతం

శిక్షణలో నెలకు రూ.15,000 స్టైపెండ్. శిక్షణ ముగిశాక ఏడాదికి రూ.3,60,000 సీటీసీ. ఈ అంకె చూసి నెలకు 30 వేలు చేతికొస్తాయని ఇంట్లో చెప్పకండి. లెక్క ఇదీ:

గ్రాస్ జీతం రూ.27,000 (బేసిక్ 15,000, ఇంటద్దె భత్యం 6,000, ఇతర భత్యం 6,000). కంపెనీ పీఎఫ్ వాటా 1,800, గ్రాట్యుటీ కింద 721, ఆరోగ్య బీమా 479. అన్నీ కలిపితే 30,000. గ్రాస్‌లోంచి మీ పీఎఫ్ వాటా 1,800, వృత్తి పన్ను 200 పోతే, నెలనెలా బ్యాంకులో పడేది రూ.25,000.

రెండో, నాలుగో శనివారాలు సెలవు. సీజన్లో ఆదివారం పనిచేస్తే మరో రోజు సెలవు ఇస్తాం. నైట్ షిఫ్టులు లేవు. హాస్టల్ వసతి లేదు.

బాండు, డబ్బుల సంగతి

బాండు లేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి అప్పటికప్పుడే తిరిగి ఇచ్చేస్తాం. రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ ఫీజు, డిపాజిట్ అంటూ మేం ఒక్క రూపాయి తీసుకోం. ఏ కన్సల్టెన్సీకీ ఈ పని అప్పగించలేదు. ‘బ్యాక్‌డోర్‌లో సీటు ఇప్పిస్తాం’ అని ఎవరైనా డబ్బు అడిగితే మీ ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌కు వెంటనే చెప్పండి. మానేయాలనుకుంటే ఒక నెల ముందు నోటీసు ఇస్తే చాలు.

దరఖాస్తు

ఒక పేజీ రెజ్యూమె, ఇప్పటివరకు వచ్చిన సెమిస్టర్ మార్కుల మెమోల కాపీలు, ఏ ఉద్యోగానికో రాసిన కాగితం మీ కాలేజీ ప్లేస్‌మెంట్ ఆఫీసులో 2026 జనవరి 9, శుక్రవారం సాయంత్రం 5 గంటల్లోపు ఇవ్వండి. సంక్రాంతి సెలవుల తర్వాత ఇస్తామంటే తీసుకోం. పరీక్ష రోజు కాలేజీ ఐడీ కార్డు, ఆధార్ కార్డు తెచ్చుకోవాలి. కాలిక్యులేటర్ అక్కర్లేదు, రఫ్ పేపర్లు మేమే ఇస్తాం.

హెచ్‌ఆర్ విభాగం, ఆటోనగర్, విజయవాడ