రిస్కుల విభాగం (సవరించిన ప్రతి)

ఇందుకూరుపేట మండలంలో ఆరు చెరువుల్లో వనామీ రొయ్యల సాగుకు మేం అడుగుతున్న రుణానికి ప్రధానమైన రిస్కు తెల్లమచ్చల వైరస్. ఒక పంటలో ఏదో ఒక చెరువుకు అది సోకే అవకాశం మధ్యస్థంగా ఉందని మా అంచనా. సోకితే మందు లేదు. ఆ చెరువులో పంట కొద్ది రోజుల్లోనే చాలావరకు పోవచ్చు. అందుకే రిజిస్టరైన హేచరీ నుంచి, పీసీఆర్ పరీక్షలో నెగటివ్ వచ్చిన పిల్లనే తెచ్చి వేస్తాం. గట్ల చుట్టూ పీతలు రాకుండా వల కడతాం. ఒక చెరువులో వాడిన వలలు, బకెట్లు మరో చెరువులో ముంచం. రోగం వస్తే క్లోరిన్ వేసి శుద్ధి చేశాకే ఆ నీటిని కాలువలోకి వదులుతాం, కింది రైతుల చెరువులూ ముఖ్యమే కదా. ఇన్ని చేసినా రిస్కు తగ్గుతుందే గానీ పూర్తిగా పోదు. ఒక చెరువు పోయినా వాయిదా కట్టగలం. రెండు పోతే ఒక వాయిదా ఆలస్యమవుతుంది.

తుపాను ముప్పు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. 2023 డిసెంబరులో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినా నెల్లూరు జిల్లాలోనూ భారీ వర్షాలు కురిశాయి. గట్టు తెగితే నష్టం పెద్దదే. కాబట్టి ఫిబ్రవరిలో పిల్ల వేసి జూన్‌లోగా పట్టుబడి ముగిస్తాం. ఆ మూడు నెలలూ చెరువుల్లో పంట ఉండదు.

ఎగుమతి ధర పడిపోయే అవకాశం ఉంది, అది మా చేతిలో లేదు. లెక్కలన్నీ ఇప్పటి ధరకు పదిహేను శాతం తగ్గించే వేశాం.

కరెంటు తరచూ పోతుంది. ఏరేటర్లకు డీజిల్ జనరేటర్ ఉంది కనుక ప్రభావం స్వల్పం.