కొత్త బ్లెండ్‌కి పేరు: మేనత్త

అన్నయ్యా, వదినా,

ప్యాకెట్లు అచ్చువేసే ఆయన శుక్రవారం ఉదయానికల్లా అక్షరాలన్నీ ఇచ్చేయమన్నాడు. అందుకే మూడు వారాలుగా మనం నలిపేస్తున్న పేరు సంగతి ఒకచోట రాసి పంపుతున్నాను. అన్నయ్యా, నువ్వు లెక్కల మధ్యలో కాకుండా, రాత్రి అన్నం తిన్నాక ఒకసారి తీరిగ్గా చదువు.

నా మాట ముందే చెప్పేస్తాను. ఈ బ్లెండ్ పేరు "మేనత్త" అని పెడదాం.

పేరు విషయంలో నేనెందుకింత పట్టుబడుతున్నానో వదినకి తెలుసు. మొదటి ఏడాది మన ప్యాకెట్ల మీద బ్లెండ్ 1, బ్లెండ్ 2, బ్లెండ్ 3 అనే ఉండేది. గాజువాక నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేసి "అదేనమ్మా, పోయినసారి పంపావే, ఆకుపచ్చ స్టిక్కరుది, రెండు కిలోలు కావాలి, ఇంట్లో ఫంక్షన్" అన్నారు. అప్పటికే మనం స్టిక్కర్లు మార్చేశాం. ఆకుపచ్చది మూడో నంబరు మీదకి వెళ్లింది. అది లేత వేపుడు, పాలు లేకుండా తాగాల్సింది. నలభై మంది చుట్టాలకి ఆ డికాక్షన్‌లో పాలు పోస్తే ఏముంటుంది, తెల్లటి నీళ్లు. ఆయన కోప్పడలేదు. "మీ కాఫీ మంచిదని అందరికీ చెప్పానమ్మా" అని మాత్రం అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆ తర్వాతే "తొలికోడి", "అరుగు", "సన్నజాజి" వచ్చాయి. ఇప్పుడు ఎవరూ రంగు చెప్పి అడగరు. "అరకిలో తొలికోడి, పావుకిలో అరుగు" అంటారు, అంతే. తొలికోడిలో ఇరవై శాతం చికోరీ ఉంది. తెల్లారుజామున లేచేవాళ్లకి గట్టిగా తగలాలి కాబట్టి ఆ పేరు. అరుగు సాయంత్రం నలుగురు కూర్చుని రెండోసారి పోయించుకునేది. సన్నజాజి ఒక్కరే నెమ్మదిగా తాగేది, పాలు వద్దు. పేరు వింటేనే ఎప్పుడు తాగాలో, ఎలా తాగాలో సగం తెలిసిపోతుంది. నాలుగోది వీటి పక్కన నిలబడాలి, వీటిలో దేన్నీ పోలి ఉండకూడదు.

ఇక ఈ నాలుగోది ఎలాంటిదో చూద్దాం. పాడేరు వైపు రైతుల దగ్గర కొన్న అరబికా అరవై ఐదు పాళ్లు, కొడగు రోబస్టా ముప్పై ఐదు పాళ్లు. చికోరీ లేదు. రెండూ కలిపి వేయిస్తే కుదరలేదు, వాటికి వేడి పట్టే తీరే వేరు. అరబికాని మొదటి చిటపట అయ్యాక కాసేపటికే దించేశాను. రోబస్టాని రెండో చిటపట మొదలవబోతుందనగా దించాను. చల్లారాక కలిపి, నాలుగు రోజులు ఊరుకుని, అప్పుడు పొడి కొట్టాను. మొదటి గుక్కలో రోబస్టా గదమాయిస్తుంది. వేయించిన వేరుశెనగ, కాస్త చేదు. గుటక దిగాక అరబికా నెమ్మదిగా పైకి వస్తుంది. బెల్లంపాకం లాంటి తీపి, చివర్లో కమలా తొక్క వాసన. చక్కెర సగం చెంచా తగ్గించినా లోటు తెలియలేదు.

వదినా, మూడో విడత రుచి చూసిన రోజు నువ్వు గ్లాసు కింద పెట్టి ఏమన్నావో గుర్తుందా? "ముందు గదమాయించి, తర్వాత చేతిలో లడ్డూ పెట్టినట్టుంది" అన్నావు. ప్యాకింగ్ దగ్గరున్న పిల్లలిద్దరూ నవ్వారు. నేను నవ్వలేదు. నాకు వెంటనే మన నర్సీపట్నం అత్తయ్య కళ్ల ముందు కనిపించింది.

ఆవిడ మనింటికి వచ్చే తీరు మీ ఇద్దరికీ తెలుసు. గేటు తీయకముందే గొంతు వినపడుతుంది. చెప్పులు విడిచిన మరుక్షణం వంటింట్లో ఉంటుంది. ఇత్తడి ఫిల్టరు పై గిన్నె ఎత్తి, వేలితో అడుగు తట్టి, "చిల్లులు మూసుకుపోయాయి, ఇదా మీరు తాగే కాఫీ" అని అందరినీ కేకలేస్తుంది. సూది తెచ్చుకుని ఒక్కో చిల్లు పొడుస్తూ కూర్చుంటుంది. అరగంట తర్వాత అందరికీ గ్లాసులు అందించి, నా గ్లాసు పక్కన మాత్రం కొంగులోంచి తీసిన నువ్వుండ పెడుతుంది. నాన్న పోయిన ఏడాది పదిహేను రోజులు మనింట్లో ఉండి, ఒక్క రోజు కూడా కాఫీ ఆలస్యం కానివ్వలేదు. ఈ బ్లెండ్ స్వభావం అదే. గొంతు పెద్దది, చెయ్యి తీయనిది.

ఇంకో సంగతి. అన్నయ్యా, నీ పిల్లలకి మేనత్తని నేను. వాళ్లు పెద్దయ్యాక ఆ మాట వింటే గుర్తొచ్చే మనిషిగా నేను ఉండాలని నాకుంది. ఆ ఆశ కూడా ఈ పేరులో ఉందని దాచను.

మిగతా పేర్లు ఎందుకు వద్దన్నానో చెప్పాలి, లేకపోతే నువ్వు మళ్లీ అక్కడికే వస్తావు.

"మన్యం" నీకు బాగా నచ్చింది. వినడానికి గొప్పగానే ఉంది. కానీ ఇందులో మూడో వంతు పైగా కొడగు గింజ. మన్యం అని రాసి కర్ణాటక గింజ అమ్మడం నాకు ఇష్టం లేదు. పైగా ఆ మాటకున్న బరువు వేరు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు, ఆయన వెంట ఉన్న గిరిజనులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద పడిన నేల అది. పావుకిలో ప్యాకెట్ మీద ఆ మాట వాడాలంటే లోపల ఉన్నదంతా ఆ నేలదే అయి ఉండాలి. ఎప్పుడైనా పూర్తిగా అక్కడి గింజతోనే చేస్తే అప్పుడు మాట్లాడుకుందాం. థింసా పేరు, ఆ నాట్యం బొమ్మ కూడా ఇందుకే వద్దన్నాను. వాళ్ల పండగని మన అట్టపెట్టెకి అలంకారం చేయొద్దు.

"అరకు గోల్డ్" గురించి. "అరకు వ్యాలీ అరబికా"కి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అధికారిక వాడకందారుగా నమోదైనవాళ్లకే ఆ గుర్తు వాడే హక్కు. మనం నమోదు కాలేదు, మనది కలిపిన కాఫీ కూడాను. ఊరి పేరు పక్కన "గోల్డ్" తగిలిస్తే ట్రేడ్‌మార్కు దొరకడం కూడా కష్టమే, అది మనకొక్కరికే చెందే మాట కాదు కదా. "మేనత్త" కాఫీ గురించి నేరుగా ఏమీ చెప్పే మాట కాదు కాబట్టి ఆ చిక్కు తక్కువ. కాఫీ వచ్చేది ముప్పయ్యో తరగతిలో. ఆ తరగతిలో దగ్గరగా వినపడే పేర్లేమైనా ఉన్నాయేమో లాయరు గారిని చూడమన్నాను. ఆయన సరేనన్నాకే అచ్చుకి వెళ్తుంది.

"బెల్లం" అంటే లోపల బెల్లం కలిపామనుకుంటారు. షుగర్ ఉన్నవాళ్లు భయపడి కొనరు, లేనివాళ్లు కొని బెల్లం ఏదని అడుగుతారు. రుచిని వెనకవైపు రాసుకుందాం, పేరులో వద్దు.

"తుఫాను" గురించి ఎక్కువ రాయను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన రోజు ఈ ఊళ్లో ఉన్నవాళ్లం మనం. పైన ఏజెన్సీలో నీడ చెట్లు కూలి కాఫీ తోటలు పాడైపోయాయి. మనకి గింజలిచ్చే రైతుల ముందు ఆ పేరున్న ప్యాకెట్ పెట్టలేను.

నీ అభ్యంతరాలు రెండూ న్యాయమైనవే. మొదటిది, మిగతా మూడు పేర్లూ వస్తువులో, వేళలో, పూలో, ఇది మనిషి. నిజమే. కానీ వాటిని కూడా జనం మనుషుల్లాగే పిలుస్తున్నారు. "మా తొలికోడి అయిపోయిందండీ" అనే మాట కౌంటర్లో రోజూ వింటున్నాం. రెండోది, తెలుగు రానివాళ్లు ఇంగ్లిష్ అక్షరాల్లో చదివితే "మేనట్ట" అంటారేమో అన్నావు. అనొచ్చు. అందుకే తెలుగు అక్షరాలు పెద్దగా, ఇంగ్లిష్‌వి కింద చిన్నగా వేయిద్దాం. బెంగళూరు నుంచి ఆర్డర్ పెట్టేవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. పక్కింటివాళ్లకి ఆ మాట పలకడం వాళ్లే నేర్పుతారు.

బొమ్మ విషయంలో మాత్రం నేను మెత్తబడను. పెద్ద బొట్టు, చేతిలో గరిటె, కోపం మొహం, ఇలాంటి కార్టూన్ వద్దు. సినిమాల్లో మేనత్తల్ని వెక్కిరించింది చాలు. ఒక చెయ్యి, రెండు గాజులు, ఇత్తడి ఫిల్టరు. మొహం ఎవరికి వాళ్లు ఊహించుకుంటారు. రంగు ముదురు పసుపు, గోధుమ రంగు అంచు.

అత్తయ్యని ఫోన్‌లో అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "పొడి మరీ మెత్తగా కొట్టకు, డికాక్షన్ దిగదు" అంది. అంటే సరేనన్నట్టే.

ప్యాకెట్ మీద రావాల్సింది ఇది. ఒక్క అక్షరం మార్చినా నాకు చెప్పండి.

ముందువైపు:

మేనత్త
గొంతు పెద్దది, చెయ్యి తీయనిది
ఫిల్టర్ కాఫీ పొడి, 250 గ్రాములు

వెనకవైపు:

మేనత్త వస్తే ముందు గొంతు వినపడుతుంది. ఈ కాఫీ కూడా అంతే. మొదటి గుక్క కాస్త గట్టిగా పలకరిస్తుంది. కంగారు పడకండి, గ్లాసు కింద పెట్టకండి. రెండో గుక్కకి వేయించిన వేరుశెనగ కమ్మదనం, ఆ తర్వాత బెల్లంపాకం లాంటి తీపి, చివర్లో కమలా తొక్క వాసన. ఇవన్నీ గింజలో ఉన్నవే, మేము ఏమీ కలపలేదు.

పాలు పోసి తాగాల్సిన కాఫీ ఇది. చుట్టాలు వచ్చినప్పుడు, పెళ్లి పనులప్పుడు, మనసు బాగోలేనప్పుడు.

కలిపే పద్ధతి: ఫిల్టరు పై గిన్నెలో నాలుగు చెంచాల పొడి, సుమారు 20 గ్రాములు, వేసి తేలిగ్గా అదమండి. మరిగి దించిన నీళ్లు 120 మిల్లీలీటర్లు పోసి మూత పెట్టండి. ఇరవై నిమిషాలు ఆగండి. గ్లాసులో పావు వంతు డికాక్షన్, మిగతా వేడి పాలు. చక్కెర ముందు సగమే వేసి రుచి చూడండి.

లోపల ఉన్నది: అరబికా 65 శాతం, పాడేరు ప్రాంతం. రోబస్టా 35 శాతం, కొడగు. చికోరీ లేదు.

తెరిచాక గాలి చొరని డబ్బాలో పోసి, మూడు వారాల్లో వాడేయండి.

ఇంతే. ధర 260 రూపాయలని రాశాను. అన్నయ్యా, అది నీ చేతిలో ఉంది, కానీ తొలికోడి కంటే తక్కువ మాత్రం పెట్టకు, రైతుకి ఇచ్చిన ధర నీకు తెలుసు. వదినా, పద్ధతి దగ్గర చెంచా కొలత నీ వంటింటి చెంచాతో ఒకసారి సరిచూడు, నాది కొంచెం లోతు ఎక్కువ. గురువారం సాయంత్రం కొట్టు కట్టేలోపు చెప్తే చాలు. మొదటి విడత నలభై కిలోలు వేయిస్తాను. మొదటి ప్యాకెట్ నర్సీపట్నం బస్సులో పంపాలి, దాని మీద అడ్రసు నేనే రాస్తాను.

మీ చెల్లి