ఎస్ఓపీ: పచ్చళ్ళ యూనిట్‌లో మెషిన్లు, గిన్నెలు కడగడం, శానిటైజ్ చేయడం

పాలకొల్లు దగ్గర మన యూనిట్‌లో ముక్కలు కోసే మెషిన్, అల్లం వెల్లుల్లి గ్రైండర్, స్టీల్ టబ్బులు, గరిటెలు, ఫిల్లింగ్ మెషిన్ అన్నిటికీ ఇదే పద్ధతి. రోజూ పని అయిపోయాక చేయాలి, రొయ్యల పచ్చడి చేశాక వెజ్ మొదలుపెట్టే ముందు కూడా కచ్చితంగా చేయాలి. రొయ్య పడనివాళ్ళకి కొంచెం అంటినా ప్రమాదమే, అందుకే వీలైనంత వరకు వెజ్ బ్యాచ్‌లు పొద్దున్నే, రొయ్యలు ఆఖర్న పెట్టుకోండి.

ముందు మెయిన్ స్విచ్ ఆపి ప్లగ్ పీకేయండి, ఆ తర్వాతే బ్లేడ్ మీద చెయ్యి వేయాలి. విప్పగలిగినవన్నీ విప్పండి, బ్లేడ్, జల్లెడ, రబ్బరు వాషర్ కూడా. నూనె, మసాలా ముద్ద ఉండగానే నీళ్ళు పోస్తే జిడ్డు అంతటా పాకుతుంది, ప్లాస్టిక్ స్క్రేపర్‌తో గీకి పేపర్‌తో తుడిచేయండి. రొయ్యలు తగిలిన సామాన్లకి మొదట చల్లనీళ్ళే, వేడినీళ్ళు పోస్తే మాంసం గట్టిపడి అతుక్కుపోతుంది. తర్వాత 50-60 డిగ్రీల నీళ్ళలో డిటర్జెంట్ కలిపి బ్రష్‌తో రుద్దండి. రొయ్యలకి ఎర్ర బ్రష్, వెజ్‌కి పచ్చ బ్రష్, ఇవి మారకూడదు. స్టీల్ పీచు వద్దు, దాని తునకలు పచ్చట్లోకి వస్తాయి.

సబ్బు మొత్తం పోయేదాకా కడగాలి. మన బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి కాబట్టి ఆఖరి కడుగూ, క్లోరిన్ కలపడమూ ఆర్ఓ నీళ్ళతోనే.

శానిటైజర్: 10 లీటర్ల చల్లనీళ్ళలో 5 శాతం సోడియం హైపోక్లోరైట్ 20 మిల్లీలీటర్లు పోస్తే 100 పీపీఎం వస్తుంది, టెస్ట్ స్ట్రిప్‌తో చూసుకోండి. 200 దాటనివ్వద్దు. 2 నిమిషాలు తడిగా ఉంచండి, రాత్రంతా నానబెట్టకండి, స్టీల్ తుప్పు పడుతుంది. మురికి మీద క్లోరిన్ పని చేయదు, ముందు కడిగింది సరిగ్గా ఉంటేనే దీనికి ఫలితం. రోజూ కొత్తగా కలపండి, నిన్నటిది పారబోయండి. వెనిగర్, నిమ్మరసం, యాసిడ్ దగ్గరికి కూడా రానివ్వకండి, విషవాయువు వస్తుంది. గ్లవ్స్ వేసుకోండి, కిటికీలు తెరిచి ఉంచండి.

తర్వాత బోర్లించి గాలికి ఆరనివ్వండి, గుడ్డతో తుడవద్దు, ఆ గుడ్డే సూక్ష్మజీవులకి ఇల్లు. వానాకాలం మన వైపు గాల్లోనే తేమ, అందుకని ఫ్యాన్ వేసి పూర్తిగా ఆరాకే బిగించండి, టబ్బు అడుగున చెంచాడు నీళ్ళు మిగిలినా పచ్చడికి బూజు పట్టడానికి చాలు.

కారం, ఆవపిండి పట్టే మెషిన్‌కి మాత్రం నీళ్ళు అస్సలు వద్దు. పొడి బ్రష్, వాక్యూమ్, అంతే. మాస్క్ పెట్టుకుని చేయండి, కంప్రెసర్ గాలి కొట్టకండి, ఆ దుమ్ము అంతా వేరే టబ్బుల్లో పడుతుంది.

బిగించే ముందు సూపర్‌వైజర్ టార్చ్ వేసి బ్లేడ్ వెనకా, వాషర్ గాడీ చూడాలి. జిడ్డు గానీ రొయ్య వాసన గానీ ఉంటే మళ్ళీ మొదటి నుంచి కడగాల్సిందే, టైమ్ అయిపోయిందని వదలొద్దు. ఏ మెషిన్, ఎవరు కడిగారు, ఎన్ని పీపీఎం, ఎన్నింటికి అన్నది రిజిస్టర్‌లో అప్పుడే రాసి సంతకం పెట్టండి.