వానాకాలం ముందు మట్టి పరీక్ష: రైతు వేదికలో వ్యవసాయ అధికారి మాట

అన్నలకు, అక్కలకు, పెద్దలకు నమస్కారం. యాసంగి కోతలు అయిపోయాయి, చేన్లు ఖాళీగా ఉన్నాయి. ఇంకా పెంట తోలలేదు, దుక్కి దున్నలేదు. మట్టి నమూనా తీయడానికి ఏడాదిలో ఇంతకు మించిన అదును లేదు. ఎరువు వేసిన చేను నుంచి తీస్తే మూడు నెలల దాకా లెక్క సరిగా రాదు. అందుకే మేలోనే మిమ్మల్ని పిలిచాను.

ముందు నమూనా సంగతి. ల్యాబులో తప్పు జరిగే అవకాశం తక్కువ, మన చేతిలో జరిగే అవకాశమే ఎక్కువ. రెండు మూడెకరాల చేను నుంచి ల్యాబుకు పోయేది అరకిలో మట్టి. అందులో పరీక్షకు తీసుకునేది కొన్ని గ్రాములే. ఆ చిటికెడు మట్టి చేనంతటి తరఫున సాక్ష్యం చెప్పాలి.

చేనంతా ఒకే తీరుగా ఉంటే ఒక నమూనా చాలు. ఒక పక్క ఎర్రచెలక, ఇంకో పక్క నల్లరేగడి ఉంటే వేర్వేరుగా తీయండి. మిట్ట వేరు, పల్లం వేరు. చౌడు మచ్చ ఉంటే దాన్ని మిగతా మట్టితో అసలే కలపొద్దు. వంకర టింకరగా నడుస్తూ ఎకరానికి ఎనిమిది నుంచి పది చోట్ల తీయాలి. గట్ల దగ్గర, చెట్ల నీడన, కాలువ పక్కన, పోయినేడు పెంటకుప్ప పోసిన చోట వద్దు.

తీసే చోట పైనున్న చెత్త, మొదళ్లు పక్కకు తీయండి. పైమట్టిని మాత్రం గీకి పారేయొద్దు, పోషకాలు అందులోనే ఉంటాయి. 'V' ఆకారంలో ఆరు అంగుళాల లోతు గుంట తవ్వి, ఆ మట్టి బయట పడేయండి. తర్వాత గుంట గోడకు ఆనించి పైనుంచి అడుగుదాకా అంగుళం మందాన పొర చెక్కండి. మనకు కావలసింది ఆ పొర. చాలామంది గుంటలోంచి వచ్చిన మట్టినే దోసిట్లో ఎత్తి సంచిలో వేస్తారు. అప్పుడు పైమట్టి ఎంత వచ్చిందో, అడుగుమట్టి ఎంత వచ్చిందో ఎవరికీ తెలియదు. పండ్లతోటలకు ఆరంగుళాలు సరిపోదు, వేరు లోతుకు పోతుంది కాబట్టి మూడడుగుల దాకా అడుగడుగుకూ వేరుగా తీయాలి.

అన్ని చోట్ల మట్టీ ప్లాస్టిక్ టబ్బులో వేయండి. జింకు పూత పూసిన బకెట్, తుప్పు పట్టిన తట్ట వాడితే జింకు, ఇనుము లెక్క తప్పుతుంది. రాళ్లు, వేర్లు ఏరి, గడ్డలు చిదిపి, గుండ్రంగా పరిచి నాలుగు భాగాలు చేయండి. ఎదురెదురు భాగాలు రెండు ఉంచుకుని, మిగతా రెండు తీసేయండి. అరకిలో మిగిలేదాకా ఇదే పని. నీడలో ఆరబెట్టి గుడ్డసంచిలో పోయండి. యూరియా, డీఏపీ సంచి మీద ఎండబెట్టకండి. ఎంత దులిపినా దానికి అంటుకున్న ఎరువు చాలు, రిపోర్టు పాడవుతుంది. సంచిలో చీటీ పెట్టి పేరు, సర్వే నంబరు, పోయిన పంట, వేయబోయే పంట, నీటి వసతి రాయండి.

ఇక రిపోర్టు. ఇదిగో గోడ మీద పెద్దది చేసి అంటించాను. మన క్లస్టర్‌లో ఉన్నలాంటి ఒక పత్తి చేనుది. కార్డులో పన్నెండు అంశాలుంటాయి, వరుసగా చూద్దాం.

pH 7.9. ఆరున్నర నుంచి ఏడున్నర మధ్య ఉంటే తటస్థం, ఇది కొంచెం క్షారం వైపుంది, పత్తికి ఫర్వాలేదు. ఎనిమిదిన్నర దాటితే జిప్సం మాట వస్తుంది. ఎంత వేయాలో ల్యాబు చెప్పాకే కొనండి. EC 0.4, ఒకటి లోపు కాబట్టి ఉప్పు బాధ లేదు. సేంద్రియ కర్బనం 0.38. సగం శాతం కంటే తక్కువ, అంటే ఈ చేనుకు పెంట కావాలి, ఎకరాకు నాలుగు టన్నులు.

నత్రజని హెక్టారుకు 190 కిలోలు. 280 లోపు తక్కువే. పొటాష్ 196. 108 నుంచి 280 దాకా మధ్యస్థం. భాస్వరం చూడండి, P లెక్కన 34. ఇరవై ఐదు దాటితే ఎక్కువ. ఇక్కడ ఒక మెలిక ఉంది. కొన్ని రిపోర్టుల్లో P అని ఉంటుంది, కొన్నింట్లో P2O5 అని. P అంకెను 2.29తో గుణిస్తే P2O5 అవుతుంది. ఏది రాసుందో చూడకుండా ఇద్దరి కార్డులు పోల్చుకోవద్దు. ఈ మూడు అంకెలూ హెక్టారుకు, అంటే దాదాపు రెండున్నర ఎకరాలకు అని కూడా గుర్తుంచుకోండి.

గంధకం 7, పది కంటే తక్కువ. జింకు 0.4, ఉండాల్సింది కనీసం 0.6. మిగతావి బాగానే ఉన్నాయి.

ఏళ్ల తరబడి ఎకరాకు రెండు బస్తాల డీఏపీ వేసిన చేలల్లో రిపోర్టు ఇలాగే వస్తుంది. భాస్వరం యూరియాలా కొట్టుకుపోదు, మట్టిని పట్టుకుని పేరుకుపోతుంది. పేరుకున్నది ఊరికే ఉండదు, జింకును మొక్కకు అందనీయదు. డీఏపీలో గంధకం లేదు. అందుకే ఈ కార్డులో భాస్వరం పైన, జింకు, గంధకం కింద. డబ్బు పెట్టి లోటు తెచ్చుకోవడం చూస్తుంటే నాకు బాధేస్తుంది.

లెక్క వేద్దాం. బీటీ పత్తికి ఎకరాకు సిఫారసు నత్రజని 60, భాస్వరం 24, పొటాష్ 24 కిలోలు. తక్కువ ఉన్నదానికి నాలుగో వంతు పెంచుతాం, ఎక్కువ ఉన్నదానికి నాలుగో వంతు తగ్గిస్తాం, మధ్యస్థానికి ముట్టుకోం. అంటే ఈ చేనుకు 75, 18, 24.

గంధకం లోటుంది కాబట్టి భాస్వరానికి సింగిల్ సూపర్ తీసుకుందాం. అందులో భాస్వరం నూటికి 16, గంధకం 11. పద్దెనిమిది కిలోలకు 112 కిలోలు, అంటే రెండుంబావు బస్తాలు, దాంతోనే 12 కిలోల గంధకం వస్తుంది. నత్రజనికి యూరియా 163 కిలోలు, 45 కిలోల బస్తాలు మూడున్నరకు కొంచెం పైన. పొటాష్ నూటికి 60 ఉంటుంది, 40 కిలోలు చాలు.

సూపర్ దొరక్కపోతే డీఏపీ 39 కిలోలు సరిపోతుంది. దాంతో ఏడు కిలోల నత్రజని కూడా వస్తుంది కాబట్టి యూరియా 148కి తగ్గుతుంది. అప్పుడు గంధకం వేరేగా చూసుకోవాలి. రెండు బస్తాలు వేసేవాళ్లకు 61 కిలోల డీఏపీ మిగులు, బస్తా 1,350 లెక్కన ఎకరాకు పదహారు వందలు దాటుతుంది.

సూపర్ మొత్తం ఆఖరి దుక్కిలో. యూరియా, పొటాష్ నాలుగు భాగాలు చేసి 20, 40, 60, 80 రోజులకు. ప్రతిసారీ యూరియా 41 కిలోలు, పొటాష్ 10. తేమ ఉన్నప్పుడు మొక్కకు నాలుగంగుళాల దూరంలో గుంట తీసి వేసి మట్టి కప్పండి. పైన చల్లితే ఎండకు గాలిలో కలుస్తుంది, వానకు కొట్టుకుపోతుంది. ఒకేసారి దంచితే చేను నల్లగా ఏపుగా కనిపిస్తుంది, ఆ లేతాకు మీదికే పచ్చదోమ వస్తుంది.

జింకు సల్ఫేట్ ఎకరాకు 20 కిలోలు దుక్కిలో. సూపర్‌తో, డీఏపీతో కలపొద్దు, మూడు రోజుల ఎడం ఇవ్వండి. కలిపితే రెండూ గట్టిపడి మొక్కకు అందవు. ఒకసారి వేస్తే రెండు మూడు పంటలకు సరిపోతుంది. ఇప్పుడు వేయలేకపోతే, లోటు కనిపించాక లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున ఐదు రోజులకోసారి రెండు మూడు సార్లు పిచికారీ చేయండి.

పక్కింటాయన కార్డు చూసి మీ చేనుకు కొనకండి, గట్టు దాటితే లెక్క మారుతుంది. పరీక్ష మూడేళ్లకోసారి చాలు. సంచులు, చీటీలు ఏఈఓ దగ్గర ఉన్నాయి, ఈ శనివారం సాయంత్రంలోపు ఇక్కడికే తెచ్చివ్వండి. ఇప్పుడు బయటికి రండి, ఎదురు చేన్లో గుంట నేను తీస్తాను, పొర మీలో ఒకరు చెక్కి చూపాలి.