చరణ్‌కు నాన్న రాస్తున్న ఉత్తరం: వారానికి తొమ్మిది గంటల ఆట

మిర్యాలగూడ,
9 నవంబర్ 2025, ఆదివారం.

చిరంజీవి చరణ్‌కు నాన్న ఆశీస్సులు.

ఒకే ఇంట్లో ఉంటూ ఉత్తరం రాయడమేమిటని నీకు నవ్వు రావచ్చు. నిన్న రాత్రి డాబా మీద గంటన్నర కూర్చుని మనం కుదుర్చుకున్న మాటలు రేపటికి నాకొక రకంగా, నీకొక రకంగా గుర్తుంటాయి. మా మిల్లులో కాంటా చీటీ లేకుండా ఒక్క వడ్ల బస్తా కూడా లోపలికి పోదు. పదిహేడేళ్లుగా ఆ చీటీలు రాస్తున్న గుమాస్తాను కనుక, నాకు నోటి మాట మీద కంటే కాగితం మీద నమ్మకం ఎక్కువ.

ముందుగా నా తప్పు ఒప్పుకుంటాను. పోయిన బుధవారం నువ్వు ఆడుతుండగా నేను ఫోన్ లాక్కుని స్విచ్ ఆఫ్ చేశాను. నలుగురు కలిసి ఆడే ఆటలో ఒకడు నడుమ మాయమైతే మిగతా ముగ్గురూ నష్టపోతారని, తెల్లవారి బడిలో వాళ్లు నిన్ను ఎన్ని మాటలు అన్నారో మీ అక్క చెప్పేదాకా నాకు తెలియదు. ఆ రాత్రి నువ్వు అన్నం ముట్టలేదు. మీ నాయనమ్మ కంచం పట్టుకుని నీ తలుపు దగ్గర చాలాసేపు నిలబడింది. ఇక మీదట మ్యాచ్ నడుస్తుండగా నీ చేతిలోని ఫోన్ నేను ముట్టుకోను.

నిన్న మనం చేసిన మొదటి మంచి పని లెక్క చూడటం. వారానికి పది గంటలకు మించి ఆడటం లేదని నువ్వన్నావు. నలభైకి తక్కువ ఉండదని నేను గట్టిగా వాదించాను. ఫోన్‌లో వాడకం సమయం చూపించే డిజిటల్ వెల్‌బీయింగ్ తెరిచి, రోజు తర్వాత రోజు చూస్తూ పాత డైరీలో కూడితే 23 గంటల 40 నిమిషాలు వచ్చింది. ఇద్దరమూ తప్పే. కానీ ఆ లెక్కలో నన్ను కలవరపెట్టింది మొత్తం కాదు, గురువారం రాత్రి 11 దాటిన తర్వాత కనబడిన గంటా యాభై నిమిషాలు. నీ వయసు పిల్లలకు రాత్రికి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు; ఉదయం 6 గంటలకు లేచి ప్రత్యేక తరగతులకు పోయే నీకు ఆ రోజు ఐదున్నర కూడా దక్కలేదు. నువ్వు ఆడే బీజీఎంఐ ఆటలో 18 ఏళ్లలోపు వాళ్లకు రోజుకు మూడు గంటల పరిమితి ఉన్నదని, వయసు ఎక్కువ చూపి అకౌంట్ తెరిచినందువల్ల అది నీకు వర్తించడం లేదని నువ్వే చెప్పావు. దాచకుండా చెప్పినందుకు దాని మీద నేను ఇంకేమీ అనను.

నీకు ఆట పిచ్చి పట్టిందని నేను చాలాసార్లు అన్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల జాబితాలో ఆటల వ్యసనాన్ని చేర్చింది. ఆ జాబితా 2022 నుంచి అమలులో ఉన్నది. ఆటపై అదుపు తప్పడం, మిగతా పనులన్నీ దాని వెనుకకు పోవడం, నష్టం కనబడుతున్నా ఆపలేకపోవడం, ఇవన్నీ మామూలుగా ఏడాది పాటు కొనసాగితేనే దానిని వ్యాధిగా గుర్తిస్తారట. అది చదివాక నీ సంగతి వేరని నాకు అర్థమైంది. ఆదివారం వస్తే క్రికెట్‌కు పోతున్నావు, నాయనమ్మ మందులు తెస్తున్నావు. కాబట్టి ఆ మాట ఇక నా నోట రాదు.

ఇప్పుడు ఒప్పందం. నువ్వు పన్నెండు గంటలు అడిగావు, నేను ఐదు అన్నాను, మీ అమ్మ మధ్యలో పడి వారానికి తొమ్మిది గంటలకు ఒప్పించింది. సోమవారం నుంచి గురువారం దాకా రోజుకు గంట చొప్పున నాలుగు గంటలు, శనివారం రెండు, ఆదివారం మూడు. శనివారం ఉదయం స్లిప్ టెస్ట్ ఉంటుంది కనుక శుక్రవారం ఆట ఉండదని నువ్వే అన్నావు, అది నాకు నచ్చింది. ఒక రోజు ఆడకుండా మిగిలిన సమయాన్ని అదే వారంలో శని, ఆదివారాలకు జరుపుకోవచ్చు, వచ్చే వారానికి మాత్రం కాదు.

నిమిషాల లెక్క ఆటకు కుదరదన్న నీ మాట న్యాయమైనదే. ఒక మ్యాచ్ చివరిదాకా నిలిస్తే సుమారు అరగంట పడుతుంది కనుక, గడువు ముగియడానికి అరగంటలోపు కొత్త మ్యాచ్ మొదలుపెట్టవద్దు. అంతకు ముందే మొదలైనది గడువు దాటినా పూర్తి చేసుకో, ఆ పది నిమిషాలకు నేను గడియారం చూపించను. యూట్యూబ్‌లో పాఠాలు ఆట లెక్కలోకి రావు. ఇతరుల ఆట వీడియోలు చూస్తే సగం సమయం లెక్కలోకి వస్తుంది. దీని మీద మనకు ఏకాభిప్రాయం రాలేదు, అయినా ఒక నెల ఇలా చూద్దాం. ఏ రోజైనా సరే రాత్రి 9:30 కల్లా ఫోన్ హాలులో, నాయనమ్మ మంచం పక్కనున్న ప్లగ్గు దగ్గర ఛార్జింగ్‌లో ఉండాలి. దీనికి మాత్రం మినహాయింపు లేదు.

డబ్బు విషయం. దసరా సెలవుల్లో అమ్మ ఫోన్ నుంచి ఆటలో వాడే యూసీ నాణేలు కొనడానికి ఖర్చు చేసిన 380 రూపాయలు పోయినవి పోయాయి, వాటిని తిరిగి అడగను. ఇక మీదట కొనాలంటే అడిగి, నీ పండుగ డబ్బుల్లోంచి కొనుక్కో. యూపీఐ పిన్ అమ్మ మార్చేసింది. డబ్బు పందెం పెట్టే ఆటలను 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం నిషేధించింది కాబట్టి, అటువంటి లింకు ఎవరు పంపినా తెరవకుండా నాకు చూపించు.

ఫోన్‌కు తాళం వేసే యాప్ పెట్టమని మిల్లులో ఒకరిద్దరు సలహా ఇచ్చారు. నేను పెట్టను. వానాకాలం వడ్లు వస్తున్నాయి, ట్రాక్టర్లు మిల్లు గేటు నుంచి రోడ్డు దాకా బారులు తీరి ఉన్నాయి. ఇంకో నెల దాకా రాత్రి పది దాటకుండా నేను ఇల్లు చేరను. నిన్ను కాపలా కాయడం నా వల్ల కాదు, కాయాలనీ లేదు. ఏ రోజు ఎంత ఆడావో ఆ డైరీలో నువ్వే రాసుకో, ఆదివారం సాయంత్రం ఇద్దరం ఫోన్‌లోని లెక్కతో పోల్చి చూద్దాం. ఎక్కువైతే ఎంత ఎక్కువైందో అంతే వచ్చే వారంలో తగ్గుతుంది, ఒక్క నిమిషం కూడా అదనంగా కోయను. వరుసగా మూడు వారాలు అలా జరిగితే మళ్లీ డాబా ఎక్కుదాం.

నా వంతు కూడా రాయించావు కదా. అన్నం తినేటప్పుడు నేను ఫోన్ పట్టుకుంటే నీకు పదిహేను నిమిషాలు కలుస్తాయి. మిల్లు యజమాని ఫోన్ చేస్తే అది లెక్క కాదు, రీల్స్ అయితే లెక్కే. ఇది ఎవరు చూస్తారంటే మీ అక్క చేయెత్తింది, ఆమె నీ పక్షమేనని నాకు తెలుసు.

ఒప్పందం రేపు సోమవారం నుంచి మొదలవుతుంది. సంక్రాంతికి ముందు, జనవరి 11 ఆదివారం నాడు మళ్లీ కూర్చుని, సెలవుల్లో ఎంత పెంచాలో, మార్చిలో పదో తరగతి పరీక్షలకు ముందు ఎంత తగ్గించాలో తేల్చుకుందాం. ఆ తగ్గింపు ఎంతో ముందు నువ్వే చెప్పాలి, ఆ తర్వాతే నేను మాట్లాడతాను.

ఇందులో ఏదైనా నిన్న అనుకున్నదానికి తేడాగా ఉంటే పక్కన పెన్సిల్‌తో రాయి. సరిగ్గా ఉంటే కింద సంతకం పెట్టి డైరీలో ఉంచు. సాయంత్రం ఏడింటికి నేను మిల్లుకు బయలుదేరాలి, అంతకు ముందు ఇస్తే నా సంతకం కూడా పెట్టి పోతాను.

ఇట్లు,
మీ నాన్న.